టీబీ టెస్ట్: పాత కార్ట్రిడ్జా, అల్ట్రానా, ట్రూనాటా? వచ్చిన రిపోర్టు ఎలా చదవాలి?

గుంటూరులో ఎవరు దగ్గినా ముందు మిరపకాయ ఘాటు మీదకే నెట్టేస్తారు. యార్డులో బస్తాలు మోసేవాళ్లు, కాటా దగ్గర ఉండేవాళ్లు, గోడౌన్లలో తొడిమలు తీసే ఆడవాళ్లు "ఘాటుకేలే" అనుకుంటూ రెండు నెలలు లాగించేస్తారు. జ్వరం తగలడం, బరువు తగ్గడం మొదలయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే తీయించి ఒక చీటీ రాస్తారు. ఒకరు సీబీనాట్ అని రాస్తారు, ఇంకొకరు జీన్ ఎక్స్‌పర్ట్ అంటారు, కార్పొరేట్ ఆసుపత్రిలో అల్ట్రా అంటారు, ఊరి దగ్గర ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ట్రూనాట్ చేస్తామంటారు. నేను చాలా ఏళ్లుగా ల్యాబ్‌లో తెమడ డబ్బాలతోనే కాపురం చేస్తున్నా కాబట్టి చుట్టాలందరూ ఆ చీటీ ఫొటో తీసి నాకే పంపి, వీటిలో ఏది మంచిది అని అడుగుతుంటారు.

నూటికి తొంభై మందికి నా జవాబు ఒకటే. ఏది ముందు దొరికితే, ఏది ఉచితంగా దొరికితే అది చేయించుకోండి, మైక్రోస్కోప్ కింద చూసే స్మియర్ ఒక్కదానితో మాత్రం ఆగకండి. ఇంతకుముందు టీబీ వచ్చి తగ్గినవాళ్లు, పిల్లలు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, ఊపిరితిత్తుల్లో కాకుండా మెడ గడ్డలోనో మెదడు పొరల్లోనో టీబీ అనుమానం ఉన్నవాళ్లు, వీళ్లకు మాత్రం ఏ కార్ట్రిడ్జ్ వాడారన్నది నిజంగానే తేడా తెస్తుంది. ఎందుకో తెలియాలంటే రిపోర్టులో వచ్చే రెండు లైన్లు ఎలా పుడతాయో కొంచెం తెలియాలి.

ముందు పేర్ల గందరగోళం తీసేద్దాం. సీబీనాట్ అంటే కార్ట్రిడ్జ్‌లో, అంటే తెమడ పోసి మెషీన్‌లో పెట్టే ప్లాస్టిక్ డబ్బీలో, జరిగే జన్యు పరీక్ష అని ప్రభుత్వం వాడే పేరు. అది నడిచే మెషీన్ పేరు జీన్ ఎక్స్‌పర్ట్. ఆ ఒక్క మెషీన్‌లోనే రెండు రకాల టీబీ కార్ట్రిడ్జ్‌లు నడుస్తాయి, 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న పాతది ఒకటి, 2017లో వచ్చిన అల్ట్రా ఒకటి. అందుకే ల్యాబ్‌కి ఫోన్ చేసి "మీ దగ్గర జీన్ ఎక్స్‌పర్ట్ ఉందా" అని అడిగితే సరిపోదు, "ఏ కార్ట్రిడ్జ్ వాడుతున్నారు, పాతదా అల్ట్రానా" అని అడగాలి. ట్రూనాట్ మన దేశానిదే, గోవా కంపెనీ తయారు చేస్తుంది. దాంట్లో ఒక చిన్న పెట్టె తెమడలోంచి డీఎన్ఏ తీస్తుంది, ఆ డీఎన్ఏ చుక్కని టెక్నీషియన్ చేత్తో ఒక చిప్ మీద వేసి రెండో పెట్టెలో పెడతాడు.

వీటి మధ్య అసలు తేడా ఎన్ని క్రిములుంటే కనిపెట్టగలవు అన్నదే. మైక్రోస్కోప్ కింద చూసే స్మియర్‌లో క్రిమి కనపడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో దాదాపు పదివేలు ఉండాలి. పాత కార్ట్రిడ్జ్‌కి వంద పైచిలుకు చాలు, అల్ట్రాకి పదహారు చాలు. ట్రూనాట్ పాత కార్ట్రిడ్జ్ పక్కనే కూర్చుంటుంది. కల్చర్‌లో, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూస్తే, టీబీ అని తేలిన వందమందిని తీసుకుంటే పాత కార్ట్రిడ్జ్ సుమారు 85 మందిని, అల్ట్రా సుమారు 91 మందిని పట్టుకుంటాయి. స్మియర్ నెగెటివ్ వచ్చినవాళ్లలో తేడా ఇంకా పెద్దది, పాతది 60 దగ్గర ఆగిపోతే అల్ట్రా 77 దాకా వెళ్తుంది.

ఇది చదివి "అయితే అల్ట్రానే" అనుకుంటారు. ఆగండి. టీబీ లేనివాళ్లకి లేదని సరిగ్గా చెప్పడంలో పాతదే కొంచెం ముందుంది, అది 98 అయితే అల్ట్రా 96. ఇంతకుముందు టీబీ వచ్చి తగ్గినవాళ్లలో చూస్తే అల్ట్రా 88కి పడిపోతుంది, పాతది 97 దగ్గర నిలబడుతుంది. అంటే ఒకప్పుడు మందులు వాడి తగ్గిపోయిన వందమందికి ఇప్పుడు ఏ జబ్బూ లేకపోయినా అల్ట్రా చేస్తే పన్నెండు మందికి ఉందని వచ్చే ప్రమాదం ఉంది. దీని సంగతి కాసేపట్లో మా కాటా బాబాయి కథలో చెప్తా.

ఇప్పుడు రిపోర్టు. పైలైన్ టీబీ క్రిమి ఉందా లేదా అని చెప్తుంది, ఉంటే ఎంత ఉందో కూడా, HIGH, MEDIUM, LOW, VERY LOW అని. కింది లైన్ రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు ఆ క్రిమి మీద పనిచేస్తుందా లేదా అని చెప్తుంది. ఇక్కడే సగం మంది తడబడతారు. Rif Resistance NOT DETECTED అని ఉంటే అది మంచి వార్త, మందు పనిచేస్తుందని. "నాట్ డిటెక్టెడ్" అన్నది చూసి టీబీ లేదనుకుని మందులు మొదలుపెట్టకుండా ఇంటికెళ్లిపోయినాయన ఒకాయన నాకు తెలుసు. అలాగే DETECTED అన్న మాట పైలైన్‌లో ఉంటే టీబీ ఉందని, కిందలైన్‌లో ఉంటే అది మందుకు లొంగని టీబీ అని. ఒకే మాటకి రెండు చోట్ల రెండు అర్థాలు కాబట్టి ఏ లైన్‌లో ఉందో చూసి చదవండి. ప్రభుత్వ రిజిస్టర్లలో ఇంత పొడుగు రాయలేక పొడి అక్షరాలు రాస్తారు: T అంటే టీబీ ఉంది, మందు పనిచేస్తుంది, RR అంటే రిఫాంపిసిన్‌కి లొంగట్లేదు, TI అంటే టీబీ ఉంది కానీ మందు సంగతి మెషీన్ తేల్చలేకపోయింది, N అంటే క్రిమి దొరకలేదు, I అంటే పరీక్షే జరగలేదు.

ట్రూనాట్‌లో ఇంకో మెలిక ఉంది. కార్ట్రిడ్జ్‌లో క్రిమి, మందు రెండూ ఒకేసారి తేలతాయి. ట్రూనాట్‌లో మొదటి చిప్ క్రిమి ఉందా అని మాత్రమే చెప్తుంది, ఉందని తేలాక అదే డీఎన్ఏతో రెండో చిప్ వేస్తేనే రిఫాంపిసిన్ సంగతి తెలుస్తుంది. ఆ రెండో చిప్ అయిపోయిందనో, సాయంత్రమైపోయిందనో ఒక్కోసారి మొదటి రిపోర్టే చేతిలో పెట్టి పంపేస్తారు. మీ కాగితంలో రిఫ్ అనే మాటే లేకపోతే "రిఫ్ చిప్ వేశారా, ఎప్పుడు వస్తుంది" అని అక్కడే అడగండి. ఇదొక్కటీ మినహాయిస్తే మన ఎండలకు ట్రూనాట్‌కి ఉన్న లాభం తక్కువది కాదు. జీన్ ఎక్స్‌పర్ట్ ఉన్న గది ముప్పై డిగ్రీలు దాటకూడదు, మే నెలలో బెజవాడలో ఏసీ ఆగితే దాని గతేంటో ఊహించుకోండి. ట్రూనాట్ ఏసీ లేని గదిలో, బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. అందుకే చిన్న ఆసుపత్రుల దాకా వెళ్లగలిగింది.

ఇక నాకు ఎక్కువ మంది టెన్షన్‌తో పంపే రిపోర్టు గురించి. మా పిన్ని కూతురికి ఇరవై నాలుగేళ్లు, మంగళగిరిలో ఉద్యోగం. ఇంతకుముందు ఎప్పుడూ టీబీ లేదు, ఇంట్లోగానీ హాస్టల్లోగానీ ఎవరికీ లేదు. నెలన్నర దగ్గు, ఎక్స్‌రేలో కుడివైపు పైన చిన్న మచ్చ. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పాత కార్ట్రిడ్జ్‌తో చేయించుకుని రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో పంపింది.

```
MTB DETECTED VERY LOW;
Rif Resistance DETECTED
```

దాని కింద ఒకే మెసేజ్: "అన్నా, ఇది మొండి టీబీ అట, ఏళ్ల తరబడి మందులట, నిజమేనా?" కౌంటర్‌లో కూర్చున్న మనిషి అలా చెప్పి పంపాడు. నేను భయపడకు అనలేదు, ఎందుకంటే నిజమయ్యే అవకాశం కూడా ఉంది. రెండో పేజీ పంపమన్నా. మామూలుగా ల్యాబులు ఆ పేజీ ఇవ్వవు, అడిగితే ప్రింట్ తీస్తాయి. అందులో ఉన్నవి ఇవి:

```
Probe A  30.2
Probe B  30.9
Probe C  30.4
Probe D  30.1
Probe E  34.6
SPC      26.3
```

ఈ అంకెల్ని సీటీ విలువలు అంటారు. సీటీ స్కాన్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. చివరనున్న SPC పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చూసే లోపలి కంట్రోల్. మెషీన్ డీఎన్ఏని రెట్టింపు, మళ్లీ రెట్టింపు చేసుకుంటూ పోతుంది, ఎన్నో రౌండులో మెరుపు కనపడిందో ఆ రౌండు నెంబరే సీటీ. క్రిములు ఎక్కువుంటే తొందరగా, పదహారు రౌండ్ల లోపే కనపడుతుంది, అది HIGH. ఇరవై ఎనిమిది దాటాక కనపడితే VERY LOW. అంటే సీటీ పెరిగేకొద్దీ క్రిములు తక్కువన్నమాట.

రిఫాంపిసిన్ దెబ్బకొట్టేది క్రిమిలోని ఆర్‌పీఓబీ అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ మీద. మందుకు లొంగని క్రిములు దాదాపు అన్నిట్లో ఆ జన్యువులోని 81 అక్షరాల చిన్న ముక్కలోనే తప్పు ఉంటుంది. పాత కార్ట్రిడ్జ్‌లో ఏ నుంచి ఈ దాకా ఐదు ప్రోబులు, అంటే అతుక్కుంటే మెరిసే చిన్న డీఎన్ఏ తునకలు, ఆ ముక్కని వరసగా కప్పుకుంటాయి. ముక్క సరిగ్గా ఉంటే ఐదూ అటూఇటుగా ఒకే సమయంలో మెరుస్తాయి. ఎక్కడైనా అక్షరం మారిపోతే ఆ చోటు కప్పే ప్రోబు సరిగా అతుక్కోదు, అది ఆలస్యంగా మెరుస్తుంది, లేదా అసలు మెరవదు. అన్నిటికన్నా ముందు మెరిసినదానికి, అన్నిటికన్నా వెనక మెరిసినదానికి తేడా నాలుగు దాటితే మెషీన్ మందుకు లొంగదని రాసేస్తుంది. మా చెల్లి కాగితంలో 34.6 లోంచి 30.1 తీసేస్తే 4.5. గీత దాటింది, మెషీన్ తన పని తను చేసింది.

కానీ నిజంగా తప్పున్న క్రిమిలో చాలాసార్లు ఆ ప్రోబు పక్కన సున్నా ఉంటుంది, అసలు మెరవలేదని. ఇక్కడ ఈ ప్రోబు మెరిసింది, గీతకి అరరౌండు అవతల. డీఎన్ఏ ఇంత పల్చగా ఉన్నప్పుడు ఒక ప్రోబు వెనకబడటం జన్యువులో తప్పు లేకపోయినా జరుగుతుంది. దానికి తోడు మనిషిని చూడండి. దేశంలో 2014 నుంచి 2016 దాకా చేసిన సర్వేలో, మొదటిసారి టీబీ వచ్చినవాళ్లలో మందులకు లొంగని రకం వందకి మూడు లోపే, ఇంతకుముందు మందులు వాడినవాళ్లలో వందకి పదకొండు పైనే. ఇప్పుడు వందమంది కొత్త రోగులకి పరీక్ష చేస్తే నిజంగా లొంగనివాళ్లు ముగ్గురు, మిగతా తొంభై ఏడు మందిలో మెషీన్ వందకి ఇద్దరి లెక్కన పొరబడినా ఇంకో ఇద్దరు. అంటే లొంగదని కాగితం పట్టుకున్న ఐదుగురిలో ఇద్దరిది తప్పు కాగితం. మెషీన్ చెడ్డది కాదు, అరుదైనదాన్ని వెతికితే లెక్క ఇలాగే వస్తుంది.

అందుకే ఇలాంటి మనిషికి, అంటే టీబీ కొత్త, మందుకు లొంగని టీబీ ఉన్నవాళ్లతో సావాసం లేదు, కాగితంలో మాత్రం లొంగదని వచ్చింది అన్నప్పుడు, కొత్త తెమడతో ఇంకోసారి చేయించాలని నియమమే ఉంది. మిగిలిపోయిన పాత తెమడతో కాదు, కొత్తది. మర్నాడు పొద్దున్నే జీజీహెచ్‌కి వెళ్లి తెమడ ఇచ్చింది. ఈసారి MTB DETECTED LOW, దాని కింద Rif Resistance NOT DETECTED, ఐదు ప్రోబుల మధ్య తేడా 1.3. డాక్టర్ రెండో దాన్నే తీసుకుని మామూలు నాలుగు మందుల ఆరు నెలల కోర్సు మొదలుపెట్టి, పక్కనే కల్చర్‌కి కూడా పంపించారు. కల్చర్‌లో పెరిగిన క్రిమి మీద, ఏ మందుకి లొంగదో చూసే ఎల్‌పీఏ అనే జన్యు పరీక్ష చేస్తే అందులోనూ తప్పు లేదని తేలింది.

ఇది చదివి ఎవరికి RR వచ్చినా "తప్పయ్యుంటుందిలే" అనుకోవద్దు. ఒకసారి టీబీ మందులు వాడి మధ్యలో మానేసినవాళ్లకి, తిరగబెట్టినవాళ్లకి, MEDIUM మీద సున్నా ప్రోబుతో వచ్చినవాళ్లకి ఆ కాగితం దాదాపు నిజమే, మళ్లీ టెస్ట్ అంటూ తిరగకుండా వెంటనే మందులు మార్చుకోవాలి. కొత్త తెమడలో రెండోసారి కూడా లొంగదనే వస్తే కూడా అంతే. ఏళ్ల తరబడి మందులన్న మాట కూడా పాతది, బీపాల్ఎం అనే ఆరు నెలల కోర్సు 2024లో మన ప్రభుత్వం ఒప్పుకుంది, అది ఎవరికి సరిపోతుందో డాక్టర్ చూసి చెప్తారు.

ఇదే పాత కార్ట్రిడ్జ్‌లో INDETERMINATE అని ఎందుకు వస్తుందో కూడా ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. మెషీన్ 38వ రౌండు తర్వాత చూడటం ఆపేస్తుంది. మొదటి ప్రోబే 35లో మెరిస్తే, ఇంకో ప్రోబు నాలుగు రౌండ్లు వెనకబడిందో లేదో తేలేలోపు ఆట అయిపోతుంది. కాబట్టి ఇన్‌డిటర్మినేట్ అంటే సగం లొంగుతుంది, సగం లొంగదు అని కాదు, చాలినన్ని క్రిములు లేక మెషీన్ చేతులెత్తేసిందని. క్రిమి మాత్రం ఉంది, టీబీ ఉన్నట్టే. ఇంకోసారి మంచి తెమడ ఇస్తే సగం సందర్భాల్లో అక్కడే తేలిపోతుందని నా అనుభవం.

ఇలాంటి గీత దగ్గరి పొరపాట్లు అల్ట్రాలో బాగా తగ్గాయి. అది ఆలస్యాన్ని లెక్కపెట్టదు, అతుక్కున్న ప్రోబు ఎంత వేడికి ఊడిపోతుందో చూస్తుంది. జన్యువులో అక్షరం మారితే ఊడిపోయే వేడి మారుతుంది. అక్షరం మారినా మందు పనిచేసే రకాలు కొన్నుంటాయి, పాత కార్ట్రిడ్జ్ వాటిని లొంగనివాటితో కలిపేసేది, అల్ట్రా వాటిలో కొన్నిటిని విడదీయగలదు. కాబట్టి కొత్త రోగికి డబ్బు, దూరం సమానమైతే నేను అల్ట్రానే ఎంచుకుంటా.

పాత రోగికి మాత్రం అలా కాదు. యార్డులో కాటా దగ్గర పనిచేసే మా బాబాయికి యాభై రెండేళ్లు, మూడేళ్ల కిందట టీబీ వచ్చి ఆరు నెలలూ మందులు పూర్తిగా వాడాడు. బీడీలు మాత్రం మానలేదు. మొన్న సీజన్‌లో దగ్గు మొదలైతే ఒక డాక్టర్ అల్ట్రా రాశారు.

```
MTB Trace DETECTED;
RIF Resistance INDETERMINATE
```

ఇంట్లో ఏడుపులు. మందులు మళ్లీ మొదలుపెట్టాలా, రిఫ్ తేలలేదంటే లొంగని టీబీయా అని.

ట్రేస్ అనేది అల్ట్రాలో మాత్రమే వచ్చే మాట. అల్ట్రా ఆర్‌పీఓబీ ఒక్కదాన్నే నమ్ముకోదు, క్రిమి ఉందా లేదా చూడటానికి ఐఎస్6110, ఐఎస్1081 అనే ఇంకో రెండు ముక్కల్ని వెతుకుతుంది. అవి ఒక్కో క్రిమిలో చాలా కాపీలు ఉంటాయి, ఆర్‌పీఓబీ ఒకటే ఉంటుంది. తెమడలో చచ్చిన క్రిముల తుక్కు కాసింత ఉన్నా కాపీలు ఎక్కువున్న ముక్క దొరికేస్తుంది, ఆర్‌పీఓబీ దొరకదు. అప్పుడు రాసేదే ట్రేస్. ఆర్‌పీఓబీనే దొరకనప్పుడు రిఫాంపిసిన్ గురించి చెప్పడానికేమీ లేదు, అందుకే ట్రేస్ పక్కన ఎప్పుడూ ఇన్‌డిటర్మినేటే ఉంటుంది. దాన్ని చూసి మందుకు లొంగదేమో అని భయపడటం అనవసరం.

తగ్గిపోయిన టీబీ మచ్చల్లో చచ్చిన క్రిముల డీఎన్ఏ చాలాకాలం ఉండిపోతుంది. మెషీన్‌కి బతికున్న క్రిమికీ చచ్చినదానికీ తేడా తెలియదు. అందుకే ఈ మధ్య ఏళ్లలో టీబీ తగ్గినవాళ్లకి ట్రేస్ వస్తే వెంటనే మందులు రాసేయకుండా మిగతావన్నీ కలిపి చూడాలి. బాబాయి పాత ఎక్స్‌రే బీరువాలో దొరికింది, అదే పెద్ద అదృష్టం, కొత్తదానితో పక్కపక్కన పెడితే అవే మచ్చలు, ఒక్కటీ పెరగలేదు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఛాతీ డాక్టర్ కల్చర్‌కి పంపి, లిక్విడ్ కల్చర్ తేలడానికి పట్టే 42 రోజులూ చూద్దామన్నారు, మధ్యలో జ్వరం వచ్చినా రక్తం పడినా వెంటనే రమ్మన్నారు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతున్నాడు, బీడీలు తగ్గించానంటాడు, నేను నమ్మను.

అదే ట్రేస్ ఒక చిన్నపిల్ల తెమడలోనో, హెచ్‌ఐవీ ఉన్న మనిషికో, వెన్ను నీరులోనో, మెడ గడ్డలోంచి సూదితో తీసినదాంట్లోనో వస్తే లెక్క తిరగబడుతుంది. వాళ్ల దగ్గర క్రిములు ఉండేదే కొన్ని, మళ్లీ దొరుకుతాయన్న నమ్మకం లేదు, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది. అక్కడ ట్రేస్ చాలు, డాక్టర్లు మందులు మొదలుపెట్టేస్తారు. వీళ్లకి మాత్రం నేను పట్టుబట్టి అల్ట్రానే చేయించమంటా, అవసరమైతే డబ్బు పెట్టుకుని అయినా. ఎప్పుడూ టీబీ లేని మామూలు పెద్దవాళ్లకి ట్రేస్ వస్తే మధ్యేమార్గం, కొత్త తెమడతో మళ్లీ అల్ట్రా చేసి చూస్తారు.

ERROR, INVALID, NO RESULT అని వచ్చినవాటి గురించి ఎక్కువ చెప్పేది లేదు, అవి నెగెటివ్ కావు, పరీక్షే జరగలేదు, అంతే. కరెంటు పోయినా మధ్యలో ఆపేసినా నో రిజల్ట్. రక్తం ఎక్కువ కలిసి లోపలి కంట్రోల్ పనిచేయకపోతే ఇన్‌వ్యాలిడ్. ఎర్రర్ పక్కన 2008 అన్న కోడ్ ఉంటే లోపల ఒత్తిడి పెరిగి ఆగిపోయిందని, చాలాసార్లు చిక్కటి తెమడ సరిగా కరగక అలా అవుతుంది. తెమడకి రెట్టింపు ద్రావణం పోసి బాగా కుదిపి పదిహేను నిమిషాలు ఉంచాలి, క్యూ ఎక్కువున్న రోజు ఎనిమిదో నిమిషంలోనే ఎక్కించేస్తే ఇదిగో ఇలా వస్తుంది. మా పొరపాటుకి మీరు మళ్లీ డబ్బు కట్టడం న్యాయం కాదు, గట్టిగానే అడగండి.

మీ వైపు నుంచి జరిగే పెద్ద పొరపాటు డబ్బాలో ఉమ్మి ఇవ్వడం. నురగ నురగగా నీళ్లలా ఉన్నది ఉమ్మి. పొద్దున్నే లేచి నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడు సార్లు లోతుగా ఊపిరి పీల్చి గట్టిగా దగ్గితే లోపల్నుంచి వచ్చే పచ్చటి చిక్కటి గళ్ల, అది రెండు మిల్లీలీటర్లైనా కావాలి, చిన్న చెంచాలో సగం కన్నా కాస్త తక్కువ. పదహారు క్రిముల్ని పట్టే అల్ట్రా కూడా ఉమ్మిలో లేనిదాన్ని పట్టలేదు. ఊపిరితిత్తుల పక్కన చేరిన నీరు పంపినప్పుడు నెగెటివ్ వస్తే దాన్ని అస్సలు నమ్మకండి, ఆ నీళ్లలో క్రిములు చాలా తక్కువ ఉంటాయి, టీబీ ఉన్నా ఎక్కువసార్లు లేదనే వస్తుంది.

ఈ మూడు పరీక్షల్లో ఏదీ చూడనిది ఇంకొకటుంది, ఐసోనియాజిడ్. అది కూడా రిఫాంపిసిన్ అంత ముఖ్యమైన మందే. రిఫ్ పనిచేస్తుందని వచ్చినంతమాత్రాన ఐసోనియాజిడ్ కూడా పనిచేస్తుందని కాదు. అందుకే రిఫ్ రిపోర్టు బాగున్నా తెమడని ఎల్‌పీఏకి పంపారా అని ఒకసారి అడగండి. ప్రైవేటులో ఈ మెట్టు తరచూ మర్చిపోతారు, ప్రభుత్వంలో పద్ధతిగా వెళ్తుంది. ప్రైవేటులో టెస్ట్ చేయించుకున్నా ఆ కాగితంతో ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదు చేయించుకుంటే మందులు ఉచితం, తిండికని నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో పడతాయి. ఎవరైనా టీబీకి ఐజీజీ, ఐజీఎం రక్తపరీక్ష అని రాస్తే మాత్రం చేయించుకోకండి, ఆ పరీక్షల్ని మన దేశంలో 2012లోనే నిషేధించారు.

మా చెల్లి మందులు మొదలుపెట్టి రెండు నెలలయ్యాక డబ్బా పట్టుకుని మా ల్యాబ్‌కే వచ్చింది. డాక్టర్ స్మియర్, కల్చర్ రాశారు. చీటీ చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఆ పాత మైక్రోస్కోపా? మంచి మెషీన్‌లో వెయ్యి అన్నా, డబ్బులిస్తా."

"వేస్తే ఉందని వస్తుందే."

"తగ్గలేదంటావా?"

"తగ్గినా వస్తుంది. చచ్చినవాటిని కూడా లెక్కపెట్టేస్తుందని బాబాయి దగ్గర చెప్పాగా. అప్పుడు నువ్వు రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఫొటో పంపుతావు."

డబ్బా నా చేతిలో పెట్టింది. మూత బిగించి, వెలుతురుకి ఎత్తి చూశా. నీళ్లలా, నురగ.

"ఇది ఉమ్మి. రేపు పొద్దున్నే పుక్కిలించి మళ్లీ పట్టుకురా."